జప్తయిన షేర్లలో ప్రీమియం ఎటు పోతుంది?

కంపెనీ 10 రూపాయల షేరును 2 రూపాయల ప్రీమియంతో 12కు అమ్మిందనుకుందాం. దరఖాస్తుతో 3, కేటాయింపుతో ప్రీమియం కలిపి 5, చివరి పిలుపులో 4 రూపాయలు కట్టాలి. ప్రీమియం వాటా మూలధనంలో కలవదు. దాన్ని సెక్యూరిటీస్ ప్రీమియం ఖాతాలో విడిగా రాయాలి.

100 షేర్లు తీసుకున్న ఒకాయన మొదటి రెండు విడతలూ కట్టి, పిలుపు సొమ్ము 400 కట్టలేదు. బోర్డు వెంటనే షేర్లు లాక్కోకూడదు. ఫలానా తేదీలోగా కట్టకపోతే జప్తవుతాయని నోటీసు ఇవ్వాలి. నమూనా నియమావళి ప్రకారం కనీసం 14 రోజుల గడువుండాలి. అప్పటికీ కట్టకపోతే తీర్మానం చేస్తారు.

ఇక పద్దు. వాటా మూలధనానికి 1,000 డెబిట్ చేసి, పిలుపు బకాయిలకు 400, ఆయన మూలధనం కింద కట్టిన 600ను వాటాల జప్తు ఖాతాకు క్రెడిట్ చేస్తారు. చాలామంది పొరబడేది ఇక్కడే: ఆయన కట్టిన మొత్తం 800 కదా అని అంతా జప్తు ఖాతాకు రాస్తారు. అందులో 200 ప్రీమియం. చేతికొచ్చిన ప్రీమియాన్ని కదపకూడదు. అదే కేటాయింపు సొమ్ము కూడా ఎగ్గొట్టి ఉంటే ప్రీమియం రాలేదు కాబట్టి, ఆ 200ను ప్రీమియం ఖాతాకు డెబిట్ చేసి రద్దు చేయాలి.

ఆ షేర్లను పూర్తిగా చెల్లించినవిగా, ఒక్కోటి 7 రూపాయలకు మళ్లీ అమ్మితే 300 తగ్గుతుంది. దాన్ని జప్తు సొమ్ములోంచి పూడ్చుకోవచ్చు. మిగిలిన 300 మూలధన రిజర్వుకు వెళ్తుంది. అది వ్యాపారంలో వచ్చిన లాభం కాదు.