అంబ్రెల్లానా, కుచ్చులా?

అమ్మకీ ఇద్దరు కూతుళ్లకీ ఒకే కాటన్ బట్టతో లాంగ్ ఫ్రాకులు కుట్టించడం ఇప్పుడు మామూలే. బేరం మాత్రం కుట్టుకూలి దగ్గరే ఆడతారు. నన్నడిగితే అసలు ఖర్చు అంతకుముందే, కింది భాగం అంబ్రెల్లా కావాలా, కుచ్చులు చాలా అన్న చోట తేలిపోతుంది.

అంబ్రెల్లా అంటే నిండు వృత్తం. అమ్మ నడుము 30 అంగుళాలు, అక్కణ్నుంచి కింది పొడవు 36 అనుకుందాం. నడుమును 6.28తో భాగిస్తే సుమారు 5. దానికి పొడవు, అంచు మడతకు ఒక అంగుళం కలిపితే 42. పన్నా 44 అంగుళాలే కాబట్టి అందులో ఒకసారికి అర వృత్తమే పడుతుంది. రెండు అరలకు 168 అంగుళాలు, అంటే నాలుగుంపావు మీటర్లు. పైభాగానికీ చేతులకీ ఇంకో మీటరు. అదే కుచ్చులకైతే 38 అంగుళాల ముక్కలు మూడు చాలు, మొత్తం 4 మీటర్లలో అయిపోతుంది.

ఈ లెక్కన ముగ్గురికీ అంబ్రెల్లాకు 12.5 మీటర్లు, కుచ్చులకు 9.5 మీటర్లు పట్టాయనుకోండి. మీటరు 180 రూపాయలైతే బట్టకే 2,250, లేదా 1,710. లైనింగు ఎలాగూ బయటికి కనిపించదు, దానికి అంత ఘేర్ అక్కర్లేదు. నడకకు అడ్డం రాకుండా కాస్త వెడల్పుంటే చాలు. ముగ్గురికీ 6 మీటర్లు, 70 చొప్పున 420. లైనింగుతో కలిపి కుట్టుకూలి 700, 600, 400 అయితే 1,700. అంబ్రెల్లా మొత్తం 4,370, కుచ్చులవి 3,830. జిప్పు, హుక్సు కూలిలో కలిశాయో లేదో ముందే అడగాలి.

ఇక ఆల్టరేషన్. కాటన్ లైనింగును తడిపి ఆరబెట్టకుండా కుడితే మొదటి ఉతుకులోనే కుంచించుకుపోయి, పై బట్ట ముడతలు పడుతుంది. దాన్ని సరిచేయాలంటే విప్పి కుట్టడమే. పక్క కుట్ల లోపల అంగుళం బట్ట వదలమని టైలర్‌కి చెప్పాలి. లూజైతే పట్టొచ్చు గానీ, లోపల బట్ట లేకుండా బిగిస్తే ఏ టైలరూ ఏమీ చేయలేడు.

అంబ్రెల్లాకు మరో చిక్కుంది. వృత్తంలో కొన్నిచోట్ల బట్ట క్రాస్‌లో పడుతుంది, అక్కడ బరువుకు సాగి అంచు ఎగుడుదిగుడవుతుంది. అందుకే అంచు కుట్టేముందు ఫ్రాకును ఒక రాత్రి వేలాడదీస్తారు. హడావిడిలో అది మానేస్తే తర్వాత చుట్టూ ఆరున్నర మీటర్ల అంచు విప్పి, కత్తిరించి, మళ్లీ మడవాలి. వంద రూపాయల పనిలా కనిపించినా ఎవరూ వందకు చేయరు.

చిన్నపిల్లకు మాత్రం నేను కుచ్చులే కుట్టించమంటాను. తిన్నని అంచు కాబట్టి మూడంగుళాలు లోపలికి మడిచి కుట్టించుకోవచ్చు, పిల్ల ఎదిగాక విప్పుకోవచ్చు. గుండ్రటి అంచును అంత లోతుగా మడిస్తే లోపల ముడతలు పడుతుంది.