బెజ్జం అంచున మూడింతలు

100 మిల్లీమీటర్ల వెడల్పు, 10 మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు పట్టీని 80 వేల న్యూటన్ల బలంతో, అంటే సుమారు 8 టన్నుల బరువుతో, రెండు కొసలా లాగుతున్నాం అనుకోండి. దాని అడ్డుకోత వైశాల్యం 1,000 చదరపు మిల్లీమీటర్లు. ఒక్కో చదరపు మిల్లీమీటరు వాటాకు 80 న్యూటన్లు వస్తుంది. ఈ వాటానే ప్రతిబలం అంటారు.

ఇప్పుడు బోల్టు కోసం పట్టీ నడిమధ్యన 20 మిల్లీమీటర్ల బెజ్జం వేశాం. అక్కడ మిగిలింది 800 చదరపు మిల్లీమీటర్లు. సగటు ప్రతిబలం 100కు పెరిగింది. అంతే అయితే పెద్ద చిక్కు లేదు. కానీ ఈ భారం అందరికీ సమానంగా పడదు. కాలవలో స్తంభం అడ్డొస్తే నీరు పక్కలకు ఒరుసుకుంటూ జోరుగా పారినట్టు, బలం కూడా బెజ్జాన్ని తప్పుకుని దాని రెండు పక్కలా కిక్కిరిసిపోతుంది. ఆ రెండు అంచుల్లో ప్రతిబలం దాదాపు 250కి చేరుతుంది.

1898లో జర్మన్ ఇంజనీరు కిర్ష్ దీనికి గణితం కట్టాడు. చాలా వెడల్పైన ప్లేటులో గుండ్రటి బెజ్జం పక్క అంచున ప్రతిబలం సరిగ్గా మూడింతలు. బెజ్జం చిన్నదైనా పెద్దదైనా అంతే. అయితే అంచు నుంచి బెజ్జం వ్యాసార్ధమంత దూరం జరిగేసరికి అది 1.22 రెట్లకు పడిపోతుంది.

మరి పట్టీ బలం మూడో వంతుకు తగ్గిపోతుందా? మెత్తని ఉక్కయితే తగ్గదు. మామూలు నిర్మాణ ఉక్కు 250 దగ్గర సాగడం మొదలుపెడుతుంది. అంచు కాస్త సాగి, అదనపు భారాన్ని పక్క లోహానికి అప్పగిస్తుంది. అందుకే నిలకడ బరువు మోసే పట్టీకి ఇంజనీర్లు బెజ్జం పోగా మిగిలిన వైశాల్యాన్నే లెక్కలోకి తీసుకుంటారు. గాజుకు ఈ సాగే గుణం లేదు. దాని అంచు పగిలిందంటే పలకంతా పోయినట్టే.

ఉక్కుకు అసలు గండం పదేపదే పడే భారంతో వస్తుంది. వాహనాలు తిరిగే వంతెనలో, ఊగే యంత్రంలో లక్షల సార్లు లాగి వదిలితే ఆ రెండు అంచుల్లోనే పగులు పుడుతుంది. లాగే దిశకు అడ్డంగా, వెంట్రుకంత సన్నగా మొదలవుతుంది. రంగు మీద గీతలా, తుప్పు చారలా కనిపిస్తుంది. పంచింగుతో వేసిన గరుకు బెజ్జంలో ఇంకా త్వరగా వస్తుంది. డ్రిల్‌తో వేసి రీమరుతో నున్నగా చేసింది ఎక్కువ కాలం ఓర్చుకుంటుంది.

పగులు మొన గుండ్రంగా ఉండదు, పదునుగా ఉంటుంది. 1913లో ఇంగ్లిస్ వేసిన లెక్క ప్రకారం, లాగే దిశకు అడ్డంగా ఉన్న కోడిగుడ్డు ఆకారపు రంధ్రం పొడవు వెడల్పుకు అయిదు రెట్లుంటే, కొసన ప్రతిబలం 11 రెట్లవుతుంది. అందుకే పగులు మొన దగ్గర గుండ్రటి బెజ్జం వేసి దాన్ని కొంతకాలం ఆపుతారు. అయితే రంగు ద్రవం పూసి అసలు మొన ఎక్కడుందో ముందు కనిపెట్టాలి. బెజ్జం దాన్ని దాటకపోతే పగులు ఆగదు.