కూలనివ్వని మందు

పసిఫిక్ యూ అనే చెట్టు అమెరికా పడమటి తీరపు అడవుల్లో పెరుగుతుంది. దాని బెరడులోంచి తీసిన ఒక పదార్థం కేన్సర్ కణాలను చంపుతోందని 1960లలోనే గమనించారు. మన్రో వాల్, మన దేశం నుంచి వెళ్లిన మన్సుఖ్ వానీ కలిసి 1971లో దాని రసాయన నిర్మాణాన్ని ప్రకటించారు. అదే టాక్సాల్, ఇప్పటి పేరు పాక్లిటాక్సెల్. అయితే కణాలను ఎలా చంపుతోందన్నది ఎవరికీ అంతుపట్టలేదు. ఆ పని 1977లో న్యూయార్క్‌లోని ఆల్బర్ట్ ఐన్‌స్టైన్ వైద్య కళాశాలలో సుసాన్ హార్విట్జ్ చేతికి వచ్చింది.

ఆమె బృందం చేసిన పరీక్ష చూడటానికి చాలా సాదాగా ఉంటుంది. మన కణాల్లో ట్యూబ్యులిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. దాన్ని శుద్ధిచేసి, తగిన ద్రావణంలో ఉంచి వెచ్చచేస్తే దాని అణువులు ఒకదానికొకటి అతుక్కుని, తామరతూడులా లోపల బోలుగా ఉండే సన్నని గొట్టాలు తయారవుతాయి. ఇవే సూక్ష్మనాళికలు. ఒక్కోదాని మందం మిల్లీమీటరులో నలభై వేలో వంతు. నాళికలు పెరిగేకొద్దీ తేటగా ఉన్న ద్రావణం మబ్బుపట్టినట్టు అవుతుంది. చల్లార్చితే అవి విడిపోయి, మళ్లీ తేటపడుతుంది. కాల్షియం కలిపినా అంతే.

ఇందులో కోల్చిసిన్ వేసి వెచ్చచేస్తే మబ్బే కమ్మదు. మన అడవినాభి దుంపలో, గింజల్లో ఉండే విషం ఈ కోల్చిసినే. గౌట్ కీళ్లనొప్పులకు వైద్యులు దీన్ని చాలా తక్కువ మోతాదులో వాడతారు. ట్యూబ్యులిన్‌లోని రెండు భాగాల నడుమ ఇది దూరి కూర్చుంటుంది. దాంతో ఆ అణువు నిటారుగా సర్దుకోలేదు, నాళికలో ఒదగలేదు.

టాక్సాల్ వేసిన గొట్టంలో సరిగ్గా దీనికి విరుద్ధంగా జరిగింది. నాళికలు మామూలుకంటే త్వరగా మొలిచాయి, ఎక్కువగా మొలిచాయి. చల్లబరిచినా, కాల్షియం పోసినా మబ్బు విడలేదు. అప్పటికి తెలిసిన మందులన్నీ, బిళ్లగన్నేరు నుంచి వచ్చేవాటితో సహా, నాళికలను కట్టనివ్వనివే. కట్టిన నాళికను కూలనివ్వని మందు ఇదొక్కటే. ఈ ఫలితాలు 1979లో అచ్చయ్యాయి. నాళిక గోడలో లోపలివైపు ట్యూబ్యులిన్‌కు పట్టుకుని, పక్కపక్క అణువులను ఇది బిగించి ఉంచుతుందని తర్వాత తేలింది.

ఒకటి కట్టనివ్వదు, ఇంకొకటి కూలనివ్వదు. మరి రెండూ కణవిభజననే ఎలా ఆపుతున్నాయి?

విభజనకు సిద్ధమైన కణంలో సూక్ష్మనాళికలు కండె ఆకారంలో అమరుతాయి. వాటి కొసలు పెరుగుతూ, ఉన్నట్టుండి కుంగుతూ, మళ్లీ పెరుగుతూ క్రోమోజోముల కోసం వెతుకుతాయి. ప్రతి క్రోమోజోము జంటనూ అటొకటి ఇటొకటి పట్టుకుని లాగాలి. అన్ని జంటల మీదా ఆ బిగువు పడేదాకా కణంలోని తనిఖీ వ్యవస్థ విభజనను ముందుకు సాగనివ్వదు. అంటే నాళిక ఉంటే చాలదు, అది పెరగాలి, తరగాలి. కోల్చిసిన్ ఉంటే పట్టుకోవడానికి నాళికే ఉండదు. టాక్సాల్ ఉంటే నాళిక ఉన్నా కదలిక ఉండదు, బిగువు సరిగా పడదు. తనిఖీ దగ్గర కణం ఆగిపోతుంది. చాలాసేపు అలా ఆగిపోయిన కణాలు చాలావరకు చచ్చిపోతాయి.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది దీని తర్వాతి కథ. పరీక్షనాళికలో వాడినంత గాఢతలోనే టాక్సాల్ కొత్త నాళికలను గుట్టలుగా మొలిపిస్తుంది. అంతకంటే చాలా తక్కువ గాఢతలో నాళికల మొత్తం పెద్దగా పెరగదు, వాటి పెరుగుదల తరుగుదలలు మాత్రం మందగిస్తాయి. విభజనను చెడగొట్టడానికి అదే సరిపోతుంది. రొమ్ము కేన్సర్ రోగుల కణుతులను పరిశీలించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో ఇంకో విషయం బయటపడింది. అక్కడ చాలా కణాలు ఆగిపోవడం లేదు. కండెకు రెండు కొసలు ఉండాల్సింది మూడు, నాలుగు ఏర్పడి, క్రోమోజోములు అడ్డదిడ్డంగా పంపకమై, పుట్టిన పిల్లకణాలు బతకలేకపోతున్నాయి. కాబట్టి ‘ఆపేసి చంపుతుంది’ అన్న పాఠం సగమే నిజం.

ఈ మందు కేన్సర్ కణాన్ని వెతికి పట్టుకోదు. జుట్టు కుదుళ్లలో, ఎముక మజ్జలో త్వరత్వరగా విభజన చెందే కణాలకూ దెబ్బ తగులుతుంది. అందుకే జుట్టు ఊడుతుంది, తెల్ల రక్తకణాలు పడిపోతాయి. నరాల సంగతి వేరు. నరకణాలు విభజన చెందవు, కానీ వెన్ను నుంచి అరికాలిదాకా సాగిన నరపు పోగులో సరుకు రవాణాకు దారులు ఈ సూక్ష్మనాళికలే. మందు వాటినీ పట్టుకుంటుంది. అన్నిటికన్నా పొడవైన నరాలు ముందు దెబ్బతింటాయి కనుక తిమ్మిరి కాలివేళ్ల దగ్గర మొదలై, తర్వాత చేతివేళ్లకు వస్తుంది. చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమవుతుంది, కాలి నుంచి చెప్పు జారినా తెలియదు. ఇలాంటివి కనబడితే తర్వాతి సెలైన్ ఎక్కించే ముందే డాక్టరుకు చెప్పాలి. మోతాదు తగ్గించాలా, కొన్నాళ్లు ఆపాలా అని వైద్యులు నిర్ణయించేది రోగి చెప్పే ఈ గుర్తులను బట్టే.