సైకాలజీ పీజీ తర్వాత: క్లినికలా, కౌన్సెలింగా?

విజయవాడలో ఓ అమ్మాయి ఎమ్మెస్సీ సైకాలజీ పూర్తి చేసిందనుకుందాం. ఆరు నెలల డిప్లొమా కూడా చేసి, ఇంటి ముందు ‘క్లినికల్ సైకాలజిస్ట్’ అని బోర్డు పెట్టింది. అలా పెట్టడం చట్టం ఒప్పుకోదు. దేశంలో ఆ పేరుతో పనిచేయాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ) రిజిస్టర్‌లో పేరుండాలి. 1992 నాటి ఆర్‌సీఐ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా ప్రాక్టీసు చేస్తే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

అదే అమ్మాయి ‘కౌన్సెలర్’ అని రాసుకుంటే అడ్డుకునే లైసెన్సు నిబంధన ఇంతకాలం లేదు. 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ వృత్తుల చట్టం కౌన్సెలర్లను తన పరిధిలోకి తెచ్చింది కాబట్టి, ఈ దారిలో వెళ్లేవాళ్లు రిజిస్ట్రేషన్ నిబంధనలను గమనిస్తూ ఉండాలి.

రెండింటికీ అసలు తేడా రోజువారీ పనిలో ఉంది. పరీక్షల భయం, పెళ్లి తర్వాతి గొడవలు, ఉద్యోగ ఒత్తిడి వంటి సమస్యలతో వచ్చేవారితో కౌన్సెలర్ మాట్లాడతారు. స్కూళ్లు, కాలేజీలు, స్వచ్ఛంద సంస్థల్లో వీళ్లకు ఉద్యోగాలుంటాయి. క్లినికల్ సైకాలజిస్టు పని ఎక్కువగా ఆసుపత్రిలో, సైకియాట్రిస్టు పక్కన సాగుతుంది. స్కిజోఫ్రీనియా, తీవ్రమైన ఓసీడీ, పిల్లల్లో బుద్ధిమాంద్యం వంటివాటిని పరీక్షలతో అంచనా వేసి, థెరపీ చేస్తారు. మందులు మాత్రం ఇద్దరూ రాయకూడదు.

క్లినికల్ దారికి ఏళ్లపాటు నడిచిన ద్వారం రెండేళ్ల ఎం.ఫిల్. బెంగళూరు నిమ్‌హాన్స్, రాంచీ సీఐపీ దీనికి పేరున్న చోట్లు. మన దగ్గర సికింద్రాబాద్‌లోని స్వీకార్ కూడా ఈ కోర్సు నడిపింది. వార్డులో రోగి చరిత్ర తీసుకోవడం నుంచి పూర్తి నిర్ధారణ నివేదికలు, థెరపీ రికార్డులు రాయడం వరకు అంతా సీనియర్ల పర్యవేక్షణలోనే సాగుతుంది. సీట్లు తక్కువ. ప్రవేశ పరీక్షతో పాటు ఇంటర్వ్యూకూ సిద్ధపడాలి.

ఇక్కడే చిక్కు వచ్చింది. కొత్త విద్యావిధానం ఎం.ఫిల్‌ను ఎత్తేసింది. యూజీసీ క్లినికల్ సైకాలజీకి మాత్రం 2025-26 వరకు మినహాయింపు ఇచ్చింది. దాని స్థానంలో ఆర్‌సీఐ క్లినికల్ సైకాలజీలో రెండేళ్ల ఎం.ఏ., సై.డి. కోర్సులను తెచ్చింది. మామూలు ఎం.ఏ. సైకాలజీ, ఆర్‌సీఐ ఆమోదించిన ఎం.ఏ. క్లినికల్ సైకాలజీ ఒకటి కావు. పేర్లు దగ్గరగా ఉండటంతో చాలామంది పొరబడుతున్నారు. యూజీసీ గుర్తింపు ఉన్నంత మాత్రాన ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ రాదు.

కౌన్సెలింగ్ ఎంచుకునేవారికి ఇంతకాలం చట్టం శిక్షణను తప్పనిసరి చేయలేదన్నది నిజమే. అలాగని ఎవరి పర్యవేక్షణా లేకుండా నేరుగా క్లయింట్ల ముందు కూర్చోవడం ప్రమాదం. ఆత్మహత్య ఆలోచనను గుర్తుపట్టి, సకాలంలో సైకియాట్రిస్టు దగ్గరికి పంపడం పుస్తకం చదివితే రాదు. ఏ కోర్సులోనైనా పర్యవేక్షణలో ఎన్ని గంటలు క్లయింట్లను చూడనిస్తారో ముందే అడగాలి.

క్లినికల్ కోర్సుకు ఫీజు కట్టేముందు ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లోని ఆమోదిత సంస్థల జాబితాలో ఆ కాలేజీ, ఆ కోర్సు, ఆ విద్యాసంవత్సరం మూడూ ఉన్నాయో లేదో స్వయంగా చూసుకోండి.