35 వోల్టులని రాసి ఉందిగా!

రేడియో రిపేరు షాపుల్లో కుర్రాళ్లు తరచూ తీసే పేచీ ఇది. "7805 డేటాషీట్లో ఇన్‌పుట్ 35 వోల్టులని ఉంది. నేనిచ్చింది 12 వోల్టులే. మరి ఐసీ ఎందుకిలా కాలుతోంది?"

7805 మూడు కాళ్ల రెగ్యులేటర్. దాని పని ఒక్కటే, ఎక్కువ వోల్టేజీ తీసుకుని 5 వోల్టులివ్వడం. ఆ 35 ఉన్న పట్టిక పేరు 'అబ్సల్యూట్ మాక్సిమమ్ రేటింగ్స్'. అంటే, దాటితే ఐసీ పాడైపోవచ్చన్న గీత. అంతవరకూ హాయిగా వాడుకోమని కాదు.

మిగిలిన వోల్టులు ఎక్కడికీ పోవు, ఐసీలోనే వేడిగా మారతాయి. మన కుర్రాడి బోర్డు అర ఆంపియర్ లాగుతోందనుకుందాం. 12లోంచి 5 తీస్తే 7 వోల్టులు. అర ఆంపియర్‌తో గుణిస్తే మూడున్నర వాట్లు. 7805 తయారుచేసే కొన్ని కంపెనీల డేటాషీట్లలో ఆ 35కి కాస్త దిగువనే ఇంకో అంకె ఉంటుంది: 65 °C/W. హీట్‌సింక్ లేకుంటే ఒక్కో వాటుకు లోపలి చిప్పు గాలికన్నా 65 డిగ్రీలు వేడెక్కుతుందని దానర్థం. మూడున్నర వాట్లకు 227 డిగ్రీలు దాటుతుంది. చిప్పు పనిచేయాల్సిన హద్దేమో 125. గది 40 డిగ్రీలుంటే మిగిలేది 85, అంటే 1.3 వాట్లు. హీట్‌సింక్ పెట్టకపోతే ఈ 12 వోల్టుల మీద 180 మిల్లీఆంపియర్లు దాటకూడదన్నమాట!

అయినా ఐసీ వెంటనే చావదు. వేడి మితిమీరితే తనే ఆగిపోతుంది, చల్లారాక మళ్లీ మొదలెడుతుంది. బోర్డు కాసేపు పనిచేసి, ఆగి, మళ్లీ వెలుగుతుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

'ఎలక్ట్రికల్ క్యారెక్టరిస్టిక్స్' పట్టికలో అవుట్‌పుట్ కనీసం 4.8, సాధారణంగా 5, గరిష్ఠం 5.2 అని ఉంటుంది. దాని నెత్తిన చిన్న అక్షరాల్లో ఇన్‌పుట్ 10 వోల్టులు, కరెంట్ 500 మిల్లీఆంపియర్లు అని షరతులుంటాయి. ఆ అంకెలు ఆ షరతులకే చెల్లుతాయి. కిందే ఉండే 'డ్రాపవుట్' 2 వోల్టులన్నది 'సాధారణంగా' గడిలో మాత్రమే కనిపిస్తుంది, హామీ కాదు. అందుకే ఇన్‌పుట్ సరిగ్గా 7 వోల్టులు పెట్టి ఊరుకోకుండా కాస్త ఎక్కువే ఇస్తారు.

నమూనా సర్క్యూట్లో రెండు కెపాసిటర్లు గీసి ఉంటాయి, ఇన్‌పుట్ వైపు 0.33, అవుట్‌పుట్ వైపు 0.1 మైక్రోఫారడ్. అలంకారమని వదిలేసేవాళ్లున్నారు. ముఖ్యంగా సప్లై దూరంగా ఉంటే ఇన్‌పుట్ కెపాసిటర్ వదలకూడదు.

ఇక కాళ్ల బొమ్మ. అక్షరాలు మనవైపు, కాళ్లు కిందికి ఉండేలా పట్టుకుంటే 7805కు ఎడమనుంచి ఇన్‌పుట్, గ్రౌండ్, అవుట్‌పుట్. దాని చిన్న తమ్ముడు 78L05ను అలాగే, చదును వైపు మనకు కనబడేలా పట్టుకుంటే వరుస తారుమారు: అవుట్‌పుట్, గ్రౌండ్, ఇన్‌పుట్. పైగా ఈ చిన్నదాన్ని కొన్ని డేటాషీట్లలో కిందినుంచి చూసినట్టు గీస్తారు. బొమ్మ పక్కన 'బాటమ్ వ్యూ' అన్న రెండు మాటలు ఉన్నాయేమో చూసి, ఆ తర్వాతే టంకం పెట్టండి.