బోధనా దృక్పథ పత్రం: నినాదాల నుంచి ఆచరణకు - ఒక ఛందస్సు పాఠం ఆధారంగా

అమెరికా విశ్వవిద్యాలయాలలో అధ్యాపక పదవికి దరఖాస్తు చేసేవారిని బోధనా దృక్పథ పత్రం జతపరచమని అడగడం పరిపాటి. అది సాధారణంగా ఒకటి రెండు పుటలకు మించదు. మన దేశంలోనూ కొన్ని ఉన్నత విద్యాసంస్థలు దీనిని అడుగుతున్నాయి. అయితే యు.జి.సి. 2018 నిబంధనలలో అభ్యర్థుల వడపోతకు ఇచ్చిన పట్టికలో డిగ్రీలకు, నెట్‌కు, ప్రచురణలకు, బోధనానుభవానికి, పురస్కారాలకు మార్కులున్నాయి గాని ఇటువంటి పత్రానికి చోటు లేదు. అందువల్ల మన పరిశోధకులలో చాలామంది దీనిని మొదటిసారి దరఖాస్తు గడువు దగ్గరపడినప్పుడే రాస్తారు. అప్పుడు చేతికందేవి నినాదాలే.

తెలుగు సాహిత్య అధ్యాపకుడొకరు రాయగల తొలి ప్రతిని ఊహిద్దాం. "నాది విద్యార్థి కేంద్రిత బోధన. విద్యార్థులలో విమర్శనాత్మక ఆలోచనను పెంపొందించడం, పాఠాన్ని ఆసక్తికరంగా మలచడం నా ధ్యేయం." ఈ వాక్యాలలో అబద్ధం లేదు. కాని వీటి కింద రసాయన శాస్త్ర అధ్యాపకుడు సంతకం చేసినా సరిపోతుంది. పాత ప్రతిని సవరించడానికి కూర్చున్నప్పుడు వాక్యం వాక్యానికీ ఈ పరీక్ష పెట్టాలి. నెగ్గని వాక్యానికి విశేషణాలు చేర్చి లాభం లేదు. దానిని తీసివేసి, ఆ స్థానంలో ఏం జరిగిందో రాయాలి.

ఏం జరిగిందో గుర్తుచేసేవి దిద్దిన జవాబు పత్రాలు. వాటిలో పదే పదే కనిపించే ఒకే తప్పును ఎంచుకోవడం మంచిది. పై అధ్యాపకుడు డిగ్రీ తరగతిలో గురులఘువులు చెప్పాడనుకుందాం. సవరించిన ప్రతిలో అతని పేరా ఇలా ఉండవచ్చు:

"'పద్మము' అనే మాటకు గణం గుర్తించమంటే నా విద్యార్థులు ఎక్కువమంది జగణమని రాసేవారు. సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువవుతుందన్న సూత్రం వారికి కంఠస్థమే. అయినా గురువు గుర్తును ఒత్తున్న అక్షరం మీదనే వేసేవారు, కంటికి బరువుగా కనిపించేది అదే కనుక. మరుసటి తరగతిలో సూత్రాన్ని పక్కనపెట్టి, మాటను చప్పట్లతో పలికించాను. పద్-మ-ము అని విడదీసి పలికితే దకారం ముందున్న అక్షరానికి చేరడం చెవికే తెలుస్తుంది. గుర్తులు ఆ తరువాత వేయించాను. సూత్రాన్ని వారి చేతనే చెప్పించాను. వారం తరువాత ఇచ్చిన అభ్యాసంలో భగణమని సరిగా గుర్తించినవారు పెరిగారు. అయితే కొత్త తప్పొకటి మొదలయింది. 'అది ప్రశ్న' వంటి చోట కూడా 'ది'ని గురువు చేయసాగారు. వేరు వేరు తెలుగు మాటల నడుమ సాధారణంగా అలా కాదని, 'వనప్రదేశము' వంటి సంస్కృత సమాసంలో మాత్రం 'న' గురువవుతుందని చెప్పడానికి మరో పాఠాన్ని కేటాయించాను."

ఈ పేరాలో 'విద్యార్థి కేంద్రితం' అన్న మాటే లేదు. జగణమనే తప్పు జవాబు నుంచి విద్యార్థి ఎలా ఆలోచించాడో అధ్యాపకుడు ఊహించగలిగాడని మాత్రం చదివేవారికి తెలుస్తుంది. నా దృష్టిలో ఇందులో అత్యంత విలువైనది కొత్త తప్పు ప్రస్తావన. చాలామంది సవరణలో దానినే మొదట కొట్టివేస్తారు, బలహీనత బయటపడుతుందని. నిజానికి తన పద్ధతి ఎక్కడ పనిచేయలేదో గమనించిన మనిషి అక్కడే కనిపిస్తాడు.

'పెరిగారు' అన్నచోట ఎందరిలో ఎందరో చెప్పగలిగితే మేలు. ఆ లెక్క రాసిపెట్టుకున్నప్పుడే అంకె వేయాలి. లేకపోతే ఏ అభ్యాసంలో ఏ మార్పు కనిపించిందో మాటల్లో చెబితే చాలు. తరగతికి వచ్చిన సగటు అభిప్రాయ మార్కు దీనికి ప్రత్యామ్నాయం కాదు. అది విద్యార్థులకు పాఠం నచ్చిందని చెబుతుంది గాని గురువును సరైన చోట గుర్తిస్తున్నారని చెప్పదు.

ఆచరణను చూపాలన్న ఉత్సాహంలో పత్రమంతా పాఠ్య ప్రణాళికగా మారే ప్రమాదమూ ఉంది. ఒక పుటలో ఇటువంటి సందర్భం ఒకటి, మహా అయితే రెండు. వాటి తరువాత, ఆ అనుభవం వల్ల ఇతర పాఠాలలో ఏం మారిందో రెండు వాక్యాలు రాయాలి. మన ఉదాహరణలో, సంధులు చెప్పేటప్పుడు కూడా పలికించిన తరువాతే సూత్రం చెప్పడం అటువంటి మార్పు.

చివరగా చదివేవారి సంగతి. దక్షిణాసియా అధ్యయన శాఖల ఎంపిక సంఘంలో చరిత్రకారులు, మానవ శాస్త్రజ్ఞులు కూడా ఉంటారు. వారికి జగణం, భగణం తెలియకపోవచ్చు. "మూడక్షరాల మాటలో బరువు మొదటి అక్షరం మీద ఉండగా రెండవ దాని మీద గుర్తించారు" అని ఒక్క వాక్యం చేర్చితే పేరా వారికీ అందుతుంది. తెలుగు శాఖకే పంపే ప్రతిలో ఆ వాక్యం అక్కర లేదు. అక్కడ 'అది ప్రశ్న' గురించి మౌఖిక పరీక్షలో ఎదురు ప్రశ్న రావచ్చు కనుక లక్షణ గ్రంథాలను మరొకసారి చూసుకొని వెళ్లాలి.