కోడలి పేరు ఏ కార్డులో ఉంది?

రేషన్ కార్డులో పేరు చేర్చాలని మీసేవకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది రెండు రకాలు. ఇంటికి కొత్తగా కోడలు వచ్చినవాళ్లు, బిడ్డ పుట్టినవాళ్లు. చాలా ఇళ్లల్లో ఈ రెండూ కలిసే ఉంటాయి. పెళ్లయిన వెంటనే ఎవరూ కార్డు సంగతి పట్టించుకోరు. కాన్పు దగ్గర పడ్డాకో, ఆస్పత్రిలో ఆరోగ్యశ్రీ కౌంటర్ దగ్గర కార్డు అడిగాకో గుర్తొస్తుంది. అప్పుడు చూస్తే కోడలి పేరు పుట్టింటి కార్డులో ఉంటుంది, బిడ్డ పేరు ఎక్కడా ఉండదు.

తెలంగాణలో ఈ పని ఎలా జరుగుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. అబ్బాయిది కరీంనగర్ జిల్లా, అమ్మాయిది నిజామాబాద్ జిల్లా అనుకోండి. పెళ్లయి ఏడాదిన్నర దాటింది, మూడు నెలల పాప ఉంది. అమ్మాయి పుట్టింటి ఆహార భద్రత కార్డులో నలుగురు: తల్లి, తండ్రి, తమ్ముడు, ఈమె. అత్తింటి కార్డులో ముగ్గురు: అత్త, మామ, భర్త. రాష్ట్రంలో మనిషికి నెలకు 6 కిలోల చొప్పున బియ్యం ఇస్తున్నారు. 2025 ఉగాది నుంచి సన్న బియ్యమే ఇస్తున్నారు. పుట్టింటికి 24 కిలోలు, అత్తింటికి 18 కిలోలు వస్తున్నాయి. కోడలు, పాప చేరితే అత్తింటి కోటా 30 కిలోలు కావాలి. పసిపిల్లకు సగం, పెద్దవాళ్లకు పూర్తి అనే లెక్క ఇక్కడ లేదు. తలకు ఇంత అంటే పాలు తాగే పాపకూ అంతే.

భర్త నేరుగా మీసేవకు వెళ్లి భార్య ఆధార్ ఇచ్చి దరఖాస్తు చేయమంటే, పని మొదట్లోనే ఆగిపోతుంది. ఒక ఆధార్ నంబరు ఒక కార్డులోనే ఉండాలి. రికార్డు మొత్తం ఈ ఒక్క సూత్రం మీదే నడుస్తుంది. ఆమె నంబరు నిజామాబాద్ జిల్లా కార్డులో కనిపిస్తున్నంత కాలం కరీంనగర్ జిల్లా కార్డులోకి రాదు. కాబట్టి మొదటి అడుగు అత్తింట్లో కాదు, పుట్టింట్లో పడాలి. అమ్మాయి తల్లిదండ్రులు తమ మండల తహసీల్దార్ కార్యాలయానికి వెళ్లి, కూతురికి పెళ్లయింది, పేరు తీసేయండి అని దరఖాస్తు పెట్టాలి. కార్డు కాపీ, అమ్మాయి ఆధార్ కాపీ, పెళ్లయినట్టు చూపే ఆధారం జత చేయాలి. దీన్నే జనం డిలీషన్ అంటారు.

డిలీషన్ అయిందా లేదా అని ఎవరినీ అడగక్కర్లేదు. epds.telangana.gov.in తెరిచి FSC Search లోకి వెళ్లి పుట్టింటి కార్డు నంబరు కొడితే అందులో ఉన్న సభ్యుల పేర్లు వస్తాయి. కూతురి పేరు అందులో లేకపోతే తొలగింపు పూర్తయినట్టే. ఆ పేజీని ప్రింటు తీసి పెట్టుకోవడం మంచిది. తర్వాత రెండో జిల్లాలో ఎవరైనా పేరు ఇంకా పాత కార్డులోనే ఉందంటే చూపించడానికి చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.

ఇక్కడే అసలు చిక్కుంది. పుట్టింట్లో పేరు పోయిన రోజుకీ, అత్తింట్లో పేరు ఎక్కిన రోజుకీ మధ్య ఆ అమ్మాయి ఏ కార్డులోనూ ఉండదు. పుట్టింటి బియ్యం 18 కిలోలకు తగ్గుతాయి, అత్తింటివి 18 దగ్గరే ఉంటాయి. నెలకు 6 కిలోలు పోతే పోనీ అనుకోవచ్చు. కానీ ఆరోగ్యశ్రీకి కార్డే ఆధారమయ్యే ఇంట్లో, గర్భిణి పేరు ఏ కార్డులోనూ లేకపోవడం తేలిగ్గా తీసుకునే విషయం కాదు. నా మాట అడిగితే, కార్డు బదిలీని తొలగింపు, చేర్పు అని రెండు ముక్కలు చేయకూడదు. ఒకే దరఖాస్తుతో ఒక కార్డు నుంచి ఇంకో కార్డుకు పేరు మారే ఏర్పాటు ఉండాలి. అది వచ్చేదాకా మాత్రం పెళ్లయిన కొద్ది రోజుల్లోనే డిలీషన్ పెట్టేయడం మేలు. ఎనిమిదో నెలలో పెట్టొద్దు.

డిలీషన్ అయ్యాక భర్త మీసేవకు వెళ్లాలి. ఆన్‌లైన్ అన్న మాట విని ఫోన్‌లో కూర్చుని చేసుకోవచ్చని చాలామంది అనుకుంటారు. దరఖాస్తు నమోదు మీసేవ కేంద్రంలోనే జరుగుతుంది, మనం ఇంట్లో చూసుకోగలిగేది దాని స్థితి మాత్రమే. సభ్యుల చేర్పు ఫారం నింపి, కోడలి ఆధార్, పాప ఆధార్, పాప జనన ధ్రువీకరణ పత్రం ఇవ్వాలి. పాపకు ఆధార్ లేకపోతే ముందు అదే చేయించాలి. అయిదేళ్లలోపు పిల్లలకు వేలిముద్రలు, కంటిపాప తీసుకోరు. తల్లి లేదా తండ్రి ఆధార్‌తో ముడిపెట్టి నీలిరంగు బాల ఆధార్ ఇస్తారు. దానికి జనన ధ్రువీకరణ పత్రమే పునాది. అందులో పాప పేరు రాయించకుండా వదిలేసిన తల్లిదండ్రులు అక్కడ ఆగాల్సి వస్తుంది.

ఫారంలో అందరూ తేలిగ్గా దాటేసే గడి ఒకటుంది. అది కుటుంబ యజమానితో సంబంధం. వచ్చినవాడు భర్త కాబట్టి ఆపరేటర్ చటుక్కున భార్య అని కొట్టేస్తాడు. అయితే 2013 నాటి జాతీయ ఆహార భద్రత చట్టం ప్రకారం కార్డుకు యజమాని ఇంట్లో పద్దెనిమిదేళ్లు నిండిన ఆడవాళ్లలో పెద్దావిడ. మన ఉదాహరణలో అత్తగారు. కాబట్టి కొత్తగా వచ్చినావిడ సంబంధం కోడలు, పాప సంబంధం మనవరాలు. అత్తగారికి కోడలు భార్యగా నమోదయితే నవ్వుకుని ఊరుకోవచ్చు గానీ, దాన్ని సరిచేయించడానికి మళ్లీ దరఖాస్తు, మళ్లీ రుసుము. సబ్‌మిట్ నొక్కే ముందు తెరను మనవైపు తిప్పమని అడిగి ఈ గడి, పేర్లు, పుట్టిన తేదీలు ఒకసారి చదువుకోవాలి. ఆపరేటర్ విసుక్కున్నా సరే.

రసీదు మీద దరఖాస్తు నంబరు ఉంటుంది. అక్కడి నుంచి కాగితం మండలంలోని గిర్దావర్‌కు, తర్వాత తహసీల్దార్‌కు, ఆపైన జిల్లా పౌరసరఫరాల అధికారికి వెళ్తుంది. హైదరాబాద్‌లో అయితే పౌరసరఫరాల సర్కిల్ కార్యాలయాలు చూస్తాయి. అదే వెబ్‌సైట్‌లో FSC Application Search లో ఈ నంబరు కొడితే దరఖాస్తు ఎవరి దగ్గర ఉందో తెలుస్తుంది. ఇది చాలా అక్కరకొచ్చే సంగతి. గిర్దావర్ దగ్గర పెండింగ్ ఉంటే ఇంటి విచారణ కాలేదని అర్థం, ఆయన్ని కలవాలి. తహసీల్దార్ దాటి జిల్లా దగ్గర ఉంటే మండల కార్యాలయం చుట్టూ తిరిగి లాభం లేదు.

విచారణకు వచ్చినప్పుడు చూసేది ప్రధానంగా రెండు. కోడలు నిజంగా ఈ ఇంట్లో ఉంటోందా, ఇంటి ఆదాయం పరిమితి దాటిందా. పరిమితి పల్లెల్లో ఏడాదికి లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు. కోడలి ఆధార్‌లో ఇంకా పుట్టింటి చిరునామానే ఉంటే మొదటి ప్రశ్న కొంచెం ఇబ్బంది పెడుతుంది. దీనికి నిజంగా ఇంట్లో కూర్చుని చేసుకోగల మార్గం ఉంది. myAadhaar పోర్టల్‌లో కుటుంబ పెద్ద ఆధారంగా చిరునామా మార్చుకునే వీలు 2023 నుంచి ఉంది. ఆమె అభ్యర్థన పెడితే, కుటుంబ పెద్దగా భర్త 30 రోజుల్లోపు తన ఆధార్‌తో లాగిన్ అయి అంగీకరించాలి. ఆ అంగీకారం మర్చిపోతే అభ్యర్థన రద్దవుతుంది, కట్టిన రుసుమూ తిరిగి రాదు.

ఇక తప్పుల సంగతి. కార్డులో తప్పులన్నీ ఒక జాతివి కావు. పేరులో అక్షరం తేడా ఉంటే ముందు ఆధార్ తీసి చూడాలి. ఆధార్‌లోనే తప్పుంటే అక్కడ దిద్దించుకున్నాకే కార్డు దిద్దుబాటుకు వెళ్లాలి, ఎందుకంటే ఇక్కడ సరిపోల్చేది దానితోనే. ఆధార్‌లో పేరును జీవితకాలంలో రెండుసార్లు, పుట్టిన తేదీని ఒక్కసారి మాత్రమే మార్చుకోగలం. కాబట్టి పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలనుకునే అమ్మాయి, అక్షర దోషం కూడా ఉంటే, రెండూ ఒకేసారి చేయించుకోవడం తెలివైన పని.

ఇంతకన్నా మొండి తప్పు ఒకటుంది. పేరు సరిగ్గానే ఉంటుంది, పక్కన ఎక్కిన ఆధార్ నంబరు మాత్రం వేరొకరిది. ఎప్పుడో ఒక అంకె అటూఇటూ కొట్టేసి ఉంటారు. వెబ్‌సైట్‌లో పేరు చూసుకుంటే ఈ తప్పు దొరకదు. రేషన్ షాపులో ఈపాస్ యంత్రం మీద ఇంట్లో అందరి వేలూ పడి, ఒక్కరిది మాత్రం నెలనెలా పడకపోతే అనుమానించాలి. పొలం పనులతో వేళ్లు అరిగినవాళ్లకు ముద్ర పడకపోవడం మామూలే. అందుకని కంటిపాపతో కూడా చూడమనాలి. రెండూ పడలేదంటే, అదే మనిషికి బ్యాంకులోనో, ఆధార్ కేంద్రంలోనో వేలిముద్ర చక్కగా పడుతోందంటే, తేడా కార్డులో ఉన్న నంబరులోనే. దాన్ని పేరు దిద్దుబాటుగా కాక ఆధార్ నంబరు దిద్దుబాటుగానే పెట్టాలి.

మంజూరు అయ్యాక కోడలు రేషన్ షాపుకు వెళ్లి ఈకేవైసీ చేయించుకోవాలి. అయిదేళ్లలోపు పాపకు అది అక్కర్లేదు. పాపకు అయిదు నిండాక ఆధార్‌లో వేలిముద్రలు నమోదు చేయించి, అప్పుడు ఈకేవైసీ చేయించాలి. పెరిగిన కోటా సాధారణంగా తర్వాతి నెల నుంచి కనబడుతుంది. అంత్యోదయ కార్డు ఉన్నవాళ్లు మాత్రం బియ్యం పెరగలేదని డీలర్‌తో గొడవపడకూడదు. వాళ్లకు మనుషుల లెక్క లేదు, కార్డుకు 35 కిలోలే. వాళ్లు పేరు చేర్పించుకోవడం మిగతా పథకాల కోసం.

ఆంధ్రప్రదేశ్‌లో ఇదే పనికి తలుపు గ్రామ, వార్డు సచివాలయం. అక్కడ దరఖాస్తు పెడితే కుటుంబ సభ్యుల ఈకేవైసీ అయ్యాక తహసీల్దార్ దగ్గరికి వెళ్తుంది. 2025 మే నెల నుంచి బియ్యం కార్డులో చేర్పులు, మార్పులు మళ్లీ మొదలయ్యాయి. మన మిత్ర వాట్సాప్ నంబరు 9552300009 లో కూడా ఈ సేవలు పెట్టారు. ఒక రాష్ట్రం అమ్మాయి ఇంకో రాష్ట్రానికి కోడలిగా వెళ్తే రెండు ప్రభుత్వాల రికార్డులు వేరువేరు కాబట్టి ఆలస్యం ఎక్కువ. పుట్టింటి వైపు తొలగింపు జరిగిన కాగితం చేతికి రానిదే అత్తింటి వైపు దరఖాస్తు రుసుము కట్టకండి.

దరఖాస్తు తిరస్కరిస్తే కారణం తెలుసుకున్నాకే మళ్లీ పెట్టండి. అదే కాగితాలతో మళ్లీ పెడితే అదే జవాబు వస్తుంది. కదలిక లేకపోతే పౌరసరఫరాల హెల్ప్‌లైన్ 1967 కు ఫోన్ చేసి, రసీదు మీది నంబరు చెప్పి ఫిర్యాదు రాయించండి.